పంపు మార్చే ముందు గాలి చూడండి

ఎప్పటిలాగే ఈసారీ కొంచెం పెద్ద పోస్టే. మేము చదువుకున్నది తమిళ మీడియంలో, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. ఎక్కడైనా మాట తప్పితే సర్దుకుని చదవండి. విషయం మాత్రం మీ ఇంటి మేడ మీద ఉన్నదే కనుక చివరిదాకా చూడమని కోరిక.

మొన్న ఎండాకాలంలో ఒక రాత్రి రెండు గంటలకు మా ఇద్దరికీ మెలకువ వచ్చింది. మేడ మీద బూస్టర్ పంపు "టక్" మని మొదలై రెండు సెకన్లు మోగి "టక్" మని ఆగింది. ఇంట్లో ఎవరూ లేవలేదు, ఏ కుళాయీ తిప్పలేదు. కాసేపటికి మళ్లీ టక్, మళ్లీ టక్. పగలు కుళాయి తిప్పితే ఇంకా ఘోరం. బకెట్టు నిండేలోపు పంపు ఎన్నిసార్లు ఆగి మొదలయ్యేదో లెక్కలేదు. నీళ్లు కూడా ఊపిరాడని మనిషి మాట్లాడినట్టు ఒకసారి జోరుగా, ఒకసారి నీరసంగా వచ్చేవి.

అంతకు నెల ముందే ఒక మెకానిక్కు వచ్చి ప్రెషర్ స్విచ్ మార్చాడు. నాలుగు రోజులు మాకు బాగున్నట్టే అనిపించింది, తర్వాత మామూలే. రెండోసారి వచ్చి, "మౌసా, మోటారే పోయింది, కొత్త పంపు పెట్టేద్దాం" అన్నాడు. పెట్టించడానికి దాదాపు ఒప్పుకున్నాం. చివరికి మా ఇంట్లో అసలు పాడైనవి రెండే: స్కూటర్ ట్యూబులో వేసే వాల్వు పిన్ను ఒకటి, బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు వాషరు ఒకటి. పంపుకు ఏమీ కాలేదు. స్విచ్చికీ ఏమీ అయ్యుండదని ఇప్పుడు అనుకుంటున్నాం.

అందుకే ఈ పోస్టు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బూస్టర్ పంపు గబగబా ఆగి మొదలవుతోందంటే పది ఇళ్లలో తొమ్మిదింట ముందు చూడాల్సింది పంపును కాదు, దాని పక్కనున్న చిన్న ట్యాంకులో గాలిని. అది చూడకుండా ఏ భాగాన్నీ మార్చనివ్వకూడదు. ఈ పరిస్థితికి మెకానిక్కుల కంటే మనమే ఎక్కువ కారణం. అది చివర్లో చెబుతాం.

ఆ చిన్న ట్యాంకు ఎందుకు

మన బరంపురంలో చాలా ఇళ్లలో ఏర్పాటు ఒకటే. మున్సిపల్ నీళ్లు వచ్చే వేళకు సంపు నింపుకుంటాం, మోటారు వేసి మేడ మీద ట్యాంకుకు ఎక్కిస్తాం. కింది వాటాకు ఆ ఎత్తు చాలు. పై అంతస్తు బాత్రూముకే ఇబ్బంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు 14 పీఎస్ఐ ఒత్తిడి ఉంటుంది. మా షవరుకు, మేడ మీది ట్యాంకుకు మధ్య ఎత్తు మూడు మీటర్లు మించదు. అంటే నాలుగు పీఎస్ఐ. గీజరు గుండా వచ్చేసరికి అది తల తడవడానికి కూడా చాలదు. అందుకని ట్యాంకు కింద అర హార్స్ పవర్ బూస్టర్ పంపు, దాని మీద ప్రెషర్ స్విచ్, ఒత్తిడి చూపే మీటరు, పక్కన 24 లీటర్ల ఇనప ట్యాంకు పెట్టించాం.

స్విచ్చి పని తేలిక. పైపులో ఒత్తిడి 20 పీఎస్ఐకి పడితే పంపు మొదలవుతుంది, 40కి చేరితే ఆగుతుంది. ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటుంది. నీరు నొక్కితే నలిగేది కాదు. పైపులో నీళ్లు తప్ప ఇంకేమీ లేకపోతే ఒక గ్లాసు నీళ్లు తీయగానే ఒత్తిడి 40 నుంచి 20కి దభీమని పడుతుంది. పంపు ఒక గ్లాసు తోయగానే మళ్లీ 40కి ఎగురుతుంది. గాలి అలా కాదు, స్ప్రింగులా నలుగుతుంది, విచ్చుకుంటుంది. ఆ స్ప్రింగు కోసమే చిన్న ట్యాంకు. లోపల రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీళ్లు, సంచికీ ఇనప గోడకూ మధ్య గాలి. పంపు ఆగి ఉన్నప్పుడు ఆ గాలే నీళ్లను కుళాయికి తోస్తుంది.

గాలి సరిగ్గా ఉంటే 24 లీటర్ల ట్యాంకు పంపు మొదలయ్యే లోపు సుమారు ఎనిమిది లీటర్ల నీళ్లు ఇవ్వగలదు. మొత్తం ఇరవై నాలుగూ ఇవ్వదు, సగం కూడా ఇవ్వదు. ఇది చాలామందికి తెలియదు. ఆ ఎనిమిది లీటర్లే పంపుకు విశ్రాంతి.

గాలి తగ్గుతూ వస్తే ఆ ఎనిమిది ఆరవుతుంది, నాలుగవుతుంది, ఒకటవుతుంది. రోజుకు కొంచెం కొంచెంగా జరుగుతుంది కనుక మనకు తెలియదు. తెలిసేనాటికి పంపు టక్ టక్ మంటుంది.

మేము రాసిన లెక్క

ఉద్యోగం రైల్వే గుమాస్తాగిరీ కనుక ఏది వచ్చినా ముందు రిజిస్టరు తెరవడం అలవాటు. ఒక నోటుపుస్తకం, చేతి గడియారం పట్టుకుని మేడ మీద కూర్చున్నాం. ఆవిడ కింద వాష్ బేసిన్ కుళాయి తిప్పింది. 15 లీటర్ల బకెట్టు నిండడానికి రెండున్నర నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి ఆరు లీటర్లు.

అదే కుళాయి ఐదు నిమిషాలు వదిలితే పంపు 43 సార్లు మొదలైంది. రెండు సెకన్లు నడక, ఐదు సెకన్లు ఆగడం. ఐదు సెకన్లలో ఆ కుళాయి నుంచి వచ్చే నీళ్లు అర లీటరు. ఎనిమిది లీటర్లు ఇవ్వాల్సిన ట్యాంకు అర లీటరు ఇస్తోందన్నమాట. రోగం ఎక్కడుందో ఆ ఒక్క లెక్క చెప్పేసింది.

ఈ వేగంతో గంట నడిస్తే ఐదు వందల పైచిలుకు స్టార్టులు. ఇలాంటి చిన్న పంపులకు గంటకు ఇన్ని స్టార్టులే మించకూడదని తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది, అది సాధారణంగా కొన్ని పదులు, వందలు కాదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ వేడి చల్లారే సమయం లేకపోతే కెపాసిటర్ ఉబ్బుతుంది, స్విచ్చి లోపలి కాంటాక్టులు మాడి నల్లబడతాయి, చివరికి వైండింగ్ కాలుతుంది. అప్పుడు మెకానిక్కు స్విచ్చి విప్పి, నల్లబడిన కాంటాక్టులు చూపించి, "ఇదిగో, ఇదే పోయింది" అంటాడు. అబద్ధం చెప్పడు. కానీ అది రోగం చేసిన పని, రోగం కాదు. కొత్త స్విచ్చి వేసినా అదే మాడుతుంది.

మేము చేసిన తప్పు

గాలి చూడాలని తెలిసింది కదా అని స్కూటరు గాలి మీటరు తెచ్చి, ట్యాంకు వెనక ఉన్న మూత విప్పి, వాల్వుకు పెట్టాం. 32 పీఎస్ఐ చూపించింది. "గాలి బ్రహ్మాండంగా ఉంది" అనుకుని మూత బిగించేశాం. రెండు రోజులు పైపులన్నీ వెతికాం.

తప్పేమిటంటే, లోపల నీళ్లు ఒత్తిడితో ఉండగా మీటరు పెడితే అది నీటి ఒత్తిడినే చూపిస్తుంది. గాలి చిటికెడున్నా, నిండుగా ఉన్నా అంకె అదే. గాలి ఎంతుందో తెలియాలంటే ముందు నీళ్లు పూర్తిగా ఖాళీ చేయాలి. పని తెలిసినవాళ్లు కూడా తొందరలో ఈ మెట్టు దాటేస్తారు. మీ ఇంటికి ఎవరైనా వచ్చి మీటరు పెట్టి "గాలి బాగుంది" అంటే, నీళ్లు ఖాళీ చేశావా బాబూ అని ఒక్క మాట అడగండి.

సరైన వరుస ఇది.

మొదట పంపు ఎంసీబీ ఆపాలి. స్విచ్చి ఆపితే చాలదు, ఎంసీబీయే ఆపాలి. మేడ తడిగా ఉంటుంది, చేతులు తడిగా ఉంటాయి. ఎంసీబీ ఏదో తెలియకపోతే ఆ పనికి దిగకండి.

తర్వాత మేడ మీది పెద్ద ట్యాంకు నుంచి పంపుకు వచ్చే వాల్వు కట్టాలి. ఇది మరిచిపోతే పెద్ద ట్యాంకు నీళ్లు పంపు గుండా దిగుతూనే ఉంటాయి, మీరు కుళాయి తిప్పి గంట నిలబడ్డా ఖాళీ కాదు. మేము పావుగంట అలాగే నిలబడ్డాం.

ఆ తర్వాత పై అంతస్తులో ఒక కుళాయి తిప్పి, నీళ్లు ఆగేదాకా వదిలి, అలాగే తెరిచి ఉంచాలి. మీటరు సున్నాకు వస్తుంది. ఇప్పుడు వాల్వు మూత విప్పి, నడుమనున్న పిన్నును గోటితో ఒక్క క్షణం నొక్కండి. నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు సంచి చిరిగింది, ఎంత గాలి కొట్టినా నిలవదు. సంచి మార్చాలి, లేదా చిన్న ట్యాంకే మార్చాలి, ఏమైనా పంపు మార్చనక్కర్లేదు. గాలి వస్తే, లేదా ఏమీ రాకపోతే, సంచి బతికే ఉందని ఆశ పెట్టుకోవచ్చు. మాకు ఏమీ రాలేదు. గాలి మీటరు సున్నా చూపించింది. రెండు రోజుల కిందట 32 చూపించిన మీటరే.

ఇక గాలి కొట్టడం. ఆ వాల్వు స్కూటరు ట్యూబుకు ఉండేలాంటిదే, కనుక కాలితో తొక్కే స్కూటరు పంపు సరిపోతుంది. ఎంత కొట్టాలి? పంపు మొదలయ్యే అంకె కన్నా రెండు పీఎస్ఐ తక్కువ. మాది 20కి మొదలవుతుంది కనుక 18. మీ స్విచ్చి అంకె వేరైతే దాన్ని బట్టి లెక్క వేసుకోండి. ఎక్కువ కొడితే మేలని 25 కొట్టకండి. అప్పుడు పైపులో ఒత్తిడి 20కి పడకముందే సంచిలో నీళ్లు అయిపోతాయి, కుళాయిలో ధార ఒక్క క్షణం చచ్చి, పంపు మొదలయ్యాక ఒక్క ఉదుటున వస్తుంది. ధార అలా తెగుతుంటే గాలి ఎక్కువైందని గుర్తు.

18 కొట్టి, ఆ కుళాయి కట్టకుండానే పెద్ద ట్యాంకు వాల్వు విప్పి, పైపులో గాలి పోయేదాకా నీళ్లు వదిలి, తర్వాత కుళాయి కట్టి ఎంసీబీ వేశాం. మళ్లీ అదే వాష్ బేసిన్ కుళాయి, అదే గడియారం. పంపు ఆగాక ఎనభై సెకన్లు మౌనం. తర్వాత పాతిక సెకన్లు నడిచి ఆగింది. ఐదు నిమిషాలలో 43 సార్లు మొదలైన పంపు మూడు సార్లే మొదలైంది. ఆవిడ కింద నుంచి "కరెంటు పోయిందా ఏమిటి?" అని కేకేసింది. అంత నిశ్శబ్దం.

గాలి ఎక్కడికి పోయింది

ఇక్కడితో ఆగిపోతే వారానికొకసారి గాలి కొట్టుకుంటూ ఉండాల్సి వచ్చేది. రబ్బరు గుండా గాలి కొంచెం కొంచెం పోవడం సహజమే, కానీ అది నెలల వ్యవహారం. మాది నాలుగో రోజుకు మళ్లీ ఖాళీ చేసి చూస్తే 11కి దిగింది. గాలి బయటికి పోయే దారి వాల్వు ఒక్కటే కనుక దాని మీద సబ్బు నీళ్లు రాశాం. ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి పగిలింది. మళ్లీ ఒకటి. లోపలి పిన్ను రబ్బరు ఎండిపోయింది. పంక్చరు దుకాణంలో కొత్త పిన్ను తెచ్చి, గాలి ఖాళీ చేసి, పాతది తిప్పి తీసి, కొత్తది వేశాం. ఆ వాల్వుకు మూత ఉండాలి. గోపాలపురం సముద్రం మనకు దూరం కాదు, ఉప్పు గాలి ఇనుమునీ తింటుంది, రబ్బరునీ తింటుంది. మా ట్యాంకుకు మూత ఎప్పుడో పోయింది, మేము పట్టించుకోలేదు.

రెండో రోగం

గాలి కొట్టిన రాత్రి హాయిగా నిద్రపోయాం. అయినా గుమాస్తా బుద్ధి పోదు కదా. మర్నాడు రాత్రి కుళాయిలన్నీ కట్టి, మళ్లీ పుస్తకం పట్టుకుని కూర్చున్నాం. నలభై నిమిషాలకు టక్. మళ్లీ నలభై నిమిషాలకు టక్.

ఎవరూ నీళ్లు వాడనప్పుడు పంపు ఒక్కసారి కూడా మొదలవకూడదు. మొదలవుతోందంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయి. నలభై నిమిషాలకు ఎనిమిది లీటర్లు, గంటకు పన్నెండు, రోజుకు 288 లీటర్లు. ఎండాకాలంలో ఒక్కో బకెట్టు లెక్కపెట్టుకునే ఊళ్లో, మన ఇంట్లోనే, మనకు తెలియకుండా.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మొదటి రాత్రి సంగతి తేలిపోయింది. ట్యాంకు అర లీటరే ఇస్తున్న రోజుల్లో ఇదే కారడానికి పంపు రెండున్నర నిమిషాలకొకసారి మొదలయ్యేది. మమ్మల్ని నిద్రలేపింది అదే. గాలి కొట్టాక రెండున్నర నిమిషాలు నలభై నిమిషాలయ్యాయి, అంతే. కారేది కారుతూనే ఉంది. మంచి ట్యాంకు కారడాన్ని దాచిపెడుతుంది. అందుకే రెండు పరీక్షలూ చేయాలి. కుళాయి తెరిచి ఒకటి, అన్నీ కట్టి ఒకటి. తెరిచినప్పుడు టక్ టక్ మంటే గాలి తగ్గింది. అన్నీ కట్టినా మొదలవుతుంటే కారుతోంది. రెండూ ఉంటే మా ఇల్లు.

కారేది ఎక్కడో వెతకడానికి గోడలు తవ్వక్కర్లేదు. మాకు బండి బ్రేకు పరీక్ష గుర్తొచ్చింది. బండి కదిలే ముందు బ్రేకు పైపులో ఐదు కిలోల గాలి నింపి, ఎంత పడుతోందో చూస్తారు. అలాగే పంపు మీటరు 40 చూపిస్తుండగా, ఎంసీబీ ఆపి, పంపు తర్వాత ఇంట్లోకి వెళ్లే వాల్వు కట్టేశాం. పావుగంట చూశాం. ముల్లు కదలలేదు.

ఆ పరీక్ష ఇంటిని రెండు ముక్కలు చేస్తుంది. వాల్వు కట్టినా ముల్లు పడిపోతుంటే లోపం పంపు వైపే ఉంది. ఎక్కువగా అది చెక్ వాల్వు, అంటే నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు. దాని నోట్లో ఇసుక రేణువో తుప్పు పెచ్చో అడ్డుపడితే నీళ్లు చడీచప్పుడు లేకుండా పెద్ద ట్యాంకులోకి వెనక్కి పోతాయి. ఎక్కడా తడి కనబడదు కనుక ఇది చాలామందిని మోసం చేస్తుంది. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. ముల్లు నిలబడితే లోపం ఇంటి వైపు. మాది ఇంటి వైపు.

పై అంతస్తులో బాత్రూములు రెండు. ఫ్లష్ ట్యాంకులలో నీలిమందు నాలుగేసి చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆపాం. రెండో దాంట్లో కమోడు గోడ మీద సన్నని నీలి గీత. అడుగునున్న రబ్బరు వాషరు బిరుసెక్కి ఒక పక్క వంగిపోయింది. కొత్తది వేశాక ఆ రాత్రి పది నుంచి తెల్లారి ఐదు దాకా మా పుస్తకంలో ఒక్క గీత కూడా పడలేదు.

ట్యాంకు లేని పంపులు

ఈ మధ్య కొన్ని ఇళ్లలో ట్యాంకు లేకుండా, పంపు మీదే ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఉన్నవి పెడుతున్నారు. వాటికి గాలి స్ప్రింగు లేదు, ఉన్నా అరచేతంత. నీళ్లు కదిలితే పంపు మొదలవుతుంది, కదలిక ఆగితే ఆగుతుంది. కుళాయిని దారంలా సన్నగా వదిలితే అది కదలికో కాదో తేల్చుకోలేక ఆగి మొదలవుతూ ఉంటుంది. అది పంపు స్వభావం, కుళాయి ఇంకొంచెం తిప్పితే ఆగిపోతుంది. అన్నీ కట్టినా మొదలవుతుంటే మాత్రం పైన చెప్పిన కారుడు పరీక్ష, చెక్ వాల్వు పరీక్ష వీటికీ వర్తిస్తాయి. మాటిమాటికీ ఇబ్బందైతే దాని తర్వాత పైపులో చిన్న ప్రెషర్ ట్యాంకు కలపవచ్చు. ఏ అంకెకు గాలి కొట్టాలో ఆ కంట్రోలరు పుస్తకం చూసి కొట్టాలి.

ఇంకొక మాట. ప్రెషర్ స్విచ్చి మూత విప్పితే రెండు నట్లు కనిపిస్తాయి. చాలా రకాల్లో పెద్దది తిప్పితే మొదలయ్యే అంకె, ఆగే అంకె రెండూ కదులుతాయి, చిన్నది తిప్పితే వాటి మధ్య దూరం మారుతుంది. ఆ దూరం పెంచితే టక్ టక్ కొంచెం తగ్గుతుంది. అది జ్వరానికి మాత్ర వేసి కారణం వదిలేయడం లాంటిది. ఆగే అంకె పంపు తోయగల దానికంటే పైకి పోతే పంపు ఆగకుండా నడిచి కాలిపోతుంది. గాలి చూడకముందు ఆ నట్ల జోలికి వెళ్లవద్దు, వెళ్లనివ్వవద్దు.

తప్పు ఎవరిది

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. మా సంగతి సరే, ఇద్దరం ఉన్నాం, తీరిక ఉంది, పింఛను ఉంది. మా వీధి చివర ఒంటరిగా ఉండే పిన్నిగారి ఇంట్లో ఇదే పంపు, ఇదే టక్ టక్. ఆవిడకు రెండేళ్లలో స్విచ్చి ఒకసారి, కెపాసిటర్ ఒకసారి మార్చారు, తర్వాత మోటారు కాలితే కొత్త పంపు పెట్టారు. చిన్న ట్యాంకు మాత్రం పాతదే ఉంచారు, "ఇది బాగానే ఉంది పిన్నీ" అని. కొత్త పంపు మూడో నెలలోనే టక్ టక్ మొదలుపెట్టింది. మా అనుభవం తర్వాత వెళ్లి చూశాం. ఖాళీ చేసి పిన్ను నొక్కితే నీళ్లు చిమ్మాయి. రబ్బరు సంచి ఎప్పుడో చిరిగింది. రెండేళ్లుగా ఆవిడ కొన్నవన్నీ ఆ ఒక్క సంచి మింగేసింది. పక్కింటి నుంచి బిందెతో నీళ్లు మోసిన రోజులు వేరే.

ఆ మెకానిక్కులను తిట్టడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. మేము తిట్టం. ఆ కుర్రాడు ఎండలో మేడ ఎక్కి, అరగంట నీళ్లు ఖాళీ చేసి, గాలి చూసి, పది రూపాయల పిన్ను వేసి దిగితే మనం ఏమిస్తాం? "ఇంత చిన్న పనికి అంతా?" అని యాభై చేతిలో పెడతాం. అదే స్విచ్చి మార్చి పాతది చేతిలో పెడితే అడిగినంత ఇస్తాం. చూసినందుకు డబ్బివ్వం, మార్చినందుకే ఇస్తాం. కళ్లకు కనిపించే వస్తువుకే మన లెక్కలో విలువ. మనం దేనికి ఇస్తామో వాళ్లు అదే చేస్తారు. మొదటిసారి స్విచ్చి మార్చినప్పుడు మేమూ బేరం ఆడింది చూడటానికి పట్టిన సమయం మీదే, స్విచ్చి ధర మీద ఒక్క మాట అనలేదు. ఆ తప్పు మాది.

కాబట్టి మన అసోసియేషన్ ముందు మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, సంఘం తరఫున ఒక గాలి మీటరు, ఒక కాలి పంపు కొని ఉంచుదాం. రెండూ కలిపినా కొత్త ప్రెషర్ స్విచ్చి కన్నా ఎక్కువ కాదు. కావలసినవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లి, తిరిగి తేవాలి. ఆ పుస్తకం మేము చూసుకుంటాం.

రెండు, మెకానిక్కుకు చూసినందుకు ఒక రుసుము మనమే ముందు ఒప్పుకుందాం. ఏదీ మార్చకపోయినా ఇవ్వాలి. బదులుగా నీళ్లు ఖాళీ చేసి గాలి ఎంతుందో, కుళాయిలన్నీ కట్టాక ముల్లు పడుతోందో లేదో, ఈ రెండూ మన కళ్ల ముందు చూపించాకే ఏ భాగమైనా మార్చాలి. ఎవరు ఒప్పుకుంటారో వాళ్ల నంబర్లే మన గ్రూపులో ఉంచుదాం.

మూడు, ఆరు నెలలకొకసారి గాలి చూసి, తేదీ, అంకె ట్యాంకు మీదే పెయింటుతో రాద్దాం. రైల్వే వ్యాగన్ల మీద ఎప్పుడు ఓవర్‌హాల్ అయిందో, మళ్లీ ఎప్పుడు కావాలో రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఎవరు కొత్తగా వచ్చినా బండి చరిత్ర బండి మీదే ఉంటుంది. మా ట్యాంకు మీద ఇప్పుడు తేదీ, పక్కన "18" అని రాసి ఉంది.

ఇంకొక మాట చెప్పకపోతే మనసు ఒప్పదు. నీళ్లు సరిగ్గా రావడం లేదని కొందరు బూస్టరును నేరుగా మున్సిపల్ కుళాయి పైపుకే తగిలిస్తున్నారు. అది చేయవద్దు. సరఫరా పలచబడగానే పంపు ఖాళీ గొట్టాన్ని పీల్చి టక్ టక్ మంటుంది, పొడిగా తిరిగి సీలు కాలుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ పీల్పుకు భూమిలో అతుకుల దగ్గర కాలువ నీళ్లు పైపులోకి వస్తాయి. అవి మన ఇంటికే కాదు, పక్కింటి బిందెలోకీ వెళ్తాయి. బూస్టరు ఎప్పుడూ మన ట్యాంకు తర్వాతే ఉండాలి.

ఈ రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టి గంట సేపు చెవి పెట్టి వినండి. ఎన్నిసార్లు మొదలైందో ఇక్కడ రాయండి. పిన్నిగారింటికి కొత్త సంచి వేసే రోజున ఎవరైనా చూసి నేర్చుకుంటామంటే రండి, చెప్పండి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు వస్తే సంతోషం. మా మోకాళ్లు ఇంకెన్నాళ్లు మేడలు ఎక్కనిస్తాయో తెలియదు కదా.

ఉంటాం.